తేదీలు మూడు రకాలుగా రాసి ఉన్నాయి, వచ్చిన వరుసలో పెట్టడం ఎలా? (తోతాపురి లోడ్ల లెక్క)

పలమనేరు_శివ:
అందరికీ నమస్కారం. చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో అకౌంట్స్ చూస్తాను. 2024 సీజన్ చెల్లింపుల లెక్క మళ్ళీ సరిచూడాల్సి వచ్చింది. ముందు కాయ తోలిన రైతుకు ముందు డబ్బు ఇవ్వాలన్నది మా పద్ధతి. అందుకని ప్రతి లోడునూ అది వచ్చిన తేదీ, టైము ప్రకారం వరుసలో పెట్టాలి.

వివరాలు మూడు చోట్ల నుంచి వస్తాయి. వేబ్రిడ్జి కంప్యూటరు సీఎస్‌వీ ఫైలు ఇస్తుంది. గేటు దగ్గర సూపర్‌వైజరు ఫోన్లో గూగుల్ షీటు నింపుతాడు. ఊళ్ళలోని ర్యాంపుల నుంచి చేత్తో రాసిన టోకెన్ పుస్తకాలు వస్తాయి, వాటిని మా ఆఫీసులో టైపు చేశాం. తేదీలు ఇలా ఉన్నాయి:

```
kata   05-07-2024 23:50
gate   7/6/2024 12:20 AM
slip   6.7.24
kata   13-06-2024 10:05
```

మూడింటినీ ఒకే ఎక్సెల్ షీటులో కలిపి, తేదీ కాలమ్ మీద సార్ట్ కొట్టాను. జనవరిలో లోడ్లు వచ్చినట్టు చూపిస్తోంది, డిసెంబరులో కూడా! జనవరిలో తోతాపురి ఎక్కడిది? మా ఫ్యాక్టరీ జూన్ మొదట్లో తెరిచి జులై ఆఖరుకు మూసేశారు. జూన్ 13 లోడేమో షీటు అడుగున ఎక్కడో ఉంది. రైతులు రోజూ ఫోన్ చేస్తున్నారు, చాలా టెన్షన్‌గా ఉంది. ఎలా సరిచేయాలో చెప్పండి.

రమణ_ఆడిట్:
శివా, ఇది చిన్న పనే. తేదీ కాలమ్ మొత్తం సెలెక్ట్ చేసి Format Cells లోకి వెళ్ళు. అక్కడ Custom లో `yyyy-mm-dd hh:mm` అని పెట్టు. అన్నీ ఒకే రూపంలోకి వస్తాయి. ఆ తర్వాత సార్ట్ చెయ్యి. ఆడిట్‌లో మేం ఎప్పుడూ చేసే పని ఇదే.

పలమనేరు_శివ:
చేసి చూశాను సార్. కొన్ని మారాయి, కొన్ని కదల్లేదు. కదలనివన్నీ సెల్లో ఎడమ వైపుకు అతుక్కుని ఉన్నాయి, మారినవి కుడి వైపున ఉన్నాయి. మారినవాటిలో కూడా `2024-01-07` లాంటివి ఉన్నాయి. వేబ్రిడ్జి చీటీ తీసి చూస్తే అది జులై 1 లోడు.

సుజాత_తిరుపతి:
శివగారూ, ఎడమ, కుడి అని మీరు గమనించారు చూడండి, అసలు విషయం అక్కడే ఉంది. ఎక్సెల్‌కు తేదీ అంటే ఒక అంకె. 2024 జూన్ 7 దాని లెక్కలో 45450, జులై 6 అయితే 45479. అంకెలు కుడి వైపున నిలుస్తాయి. ఎడమ వైపున ఉన్నవి తేదీలు కావు, ఉత్త అక్షరాలు. రమణగారు చెప్పిన Format Cells అంకె కనబడే తీరును మాత్రమే మారుస్తుంది. అక్షరాలను అది ముట్టుకోదు, తప్పు అంకెను ఒప్పు అంకెగా చెయ్యదు.

మీ కంప్యూటరు రీజియన్ సెట్టింగు యునైటెడ్ స్టేట్స్ అని ఉండి ఉంటుంది. సీఎస్‌వీ మీద డబుల్ క్లిక్ చేసి తెరిచారా? అలా తెరిస్తే ఎక్సెల్ మిమ్మల్ని అడక్కుండానే ప్రతి తేదీనీ నెల ముందు, రోజు తర్వాత అన్న లెక్కలో చదువుతుంది. వేబ్రిడ్జి ఫైలులో రోజు ముందుంది. కాబట్టి `01-07-2024` జనవరి 7 అయింది, `12-07-2024` డిసెంబరు 7 అయింది. `13-06-2024` దగ్గర మాత్రం దానికి 13వ నెల దొరకలేదు, అలాగే అక్షరాలుగా వదిలేసింది. సార్ట్ చేసేటప్పుడు ఎక్సెల్ అంకెలను పైన, అక్షరాలను కింద పెడుతుంది. మీ జూన్ 13 లోడు అడుగుకు పోవడానికి కారణం అదే.

ఒకసారి ఆ అడుగు భాగం చూడండి. 13-06, 13-07, 14-06, 14-07 అని వరుస ఉంటుంది. ప్రతి నెలలోనూ 1 నుంచి 12 వరకు ఉన్న రోజులు పైన, 13 నుంచి 31 వరకు ఉన్నవి కింద విడిపోయి కనిపిస్తే, రోజు నెల తారుమారు అయిందని గట్టిగా చెప్పవచ్చు.

ఇంకో మాట. కింద అక్షరాలుగా మిగిలినవాటిలో తప్పు లేదు, అవి చెడకుండా ఉన్నాయి. పైన చక్కగా తేదీల్లా కనబడుతున్న వేబ్రిడ్జి తేదీలే చెడినవి. చాలామంది కింది వాటిని చేత్తో సరిచేసి పని అయిపోయిందనుకుంటారు. అలా చెయ్యకండి.

పలమనేరు_శివ:
అవును మేడం, అచ్చం అలాగే ఉంది! 13-06, 13-07, 14-06 అనే ఉంది. రీజియన్ చూశాను, యునైటెడ్ స్టేట్స్ అనే ఉంది. డబుల్ క్లిక్ చేసే తెరిచాను. వేబ్రిడ్జి అసలు ఫైలు ఇంకా భద్రంగా ఉంది.

రమణ_ఆడిట్:
మంచి వివరణ మేడం. నా దగ్గరకు వచ్చే ఫైళ్ళన్నీ ఇండియా సెట్టింగు ఉన్న సిస్టమ్‌లో తయారైనవి, అందుకే ఫార్మాట్ మారిస్తే సరిపోయేది. అయితే శివ సిస్టమ్ సెట్టింగును ఇండియాకు మార్చి, మూడు ఫైళ్ళూ మళ్ళీ తెరిస్తే సరిపోదా?

సుజాత_తిరుపతి:
వేబ్రిడ్జి ఫైలు వరకు సరిపోతుంది సార్. కానీ గేటు షీటు నెల ముందు పద్ధతిలో ఉంది, అప్పుడు అది తారుమారు అవుతుంది. ఏ ఒక్క సెట్టింగు పెట్టినా రెండిట్లో ఒకటి చెడుతుంది. అందుకే మూడింటినీ కలపకముందే, విడివిడిగా ఉన్నప్పుడే మార్చాలి. ఒకసారి కలిపేశాక `7/6/2024` ఎవరు రాసిందో ఎలా తెలుస్తుంది?

శివగారూ, ఎక్సెల్‌లోనే చేసుకోవచ్చు. Data → From Text/CSV ద్వారా ఫైలు తీసుకుని Transform Data నొక్కండి. కుడి పక్కన Changed Type అని ఒక మెట్టు తనంతట తానే చేరి ఉంటుంది, దాన్ని తీసేయండి. లేకపోతే మీరు చెప్పకముందే అది తన లెక్కలో మార్చేస్తుంది. తర్వాత తేదీ కాలమ్ మీద రైట్ క్లిక్ చేసి Change Type → Using Locale ఎంచుకోండి. రకం Date/Time, వేబ్రిడ్జి ఫైలుకైతే English (India), గేటు ఫైలుకైతే English (United States) ఇవ్వండి.

మార్చడానికి ముందు తేదీ కాలమ్‌కు ఒక నకలు తీసి పక్కన ఉంచుకోండి. అసలు రాత ఏముందో రేపు ఎవరైనా రైతు వచ్చి అడిగితే చూపించాలి కదా. దాని పక్కనే ఏ ఫైలు నుంచి వచ్చిందో చెప్పే కాలమ్ ఒకటి ఉండాలి. మూడోది `2024-07-05 23:50` అన్న రూపం. సార్ట్ ఈ మూడోదాని మీదే.

బీటెక్_కార్తీక్:
ఇంత చాకిరీ ఎందుకన్నా, పైథాన్‌లో ఒక్క లైను చాలు.

```python
df["d"] = pd.to_datetime(df["d"], dayfirst=True, format="mixed")
```

ఎలాంటి ఫార్మాట్ అయినా అదే కనిపెట్టుకుంటుంది. తర్వాత `df.sort_values("d")`. నేను తిరుపతిలో కాలేజీ ప్రాజెక్టుకు ఇదే వాడాను, బాగానే పనిచేసింది.

సుజాత_తిరుపతి:
కార్తీక్, `7/6/2024` అది ఏ తేదీగా చదువుతుంది? జూన్ 7. గేటు సూపర్‌వైజరు రాసింది జులై 6. ఒకే ఫైలులో కింద `7/13/2024` ఉందనుకో, 13వ నెల లేదు కాబట్టి దాన్ని మాత్రం ఆగకుండా జులై 13 అని తీసుకుంటుంది. `dayfirst` అంటే వీలైతే రోజు ముందు అని, ప్రతిచోటా రోజే ముందు అని కాదు. ఒకే ఫైలులో పక్కపక్క వరసలను రెండు లెక్కల్లో చదివేస్తుంది. ఎర్రర్ రాదు, అదే ప్రమాదం. శివగారి ఎక్సెల్‌లో కనీసం 12 దాటినవి కింద పడి మనకు పట్టిచ్చాయి.

పైథాన్ వాడటం మంచిదే. ఊహించుకోమని దానికి వదిలేయడమే వద్దు. ఏ ఫైలు ఏ రూపంలో ఉందో మనమే చెప్పాలి.

```python
from datetime import datetime

FORMATS = {
    "kata": "%d-%m-%Y %H:%M",
    "gate": "%m/%d/%Y %I:%M %p",
}

def to_iso(text, source):
    d = datetime.strptime(text.strip(), FORMATS[source])
    return d.strftime("%Y-%m-%d %H:%M")
```

రూపం సరిపోకపోతే ఇది అక్కడికక్కడే ఆగిపోతుంది. ఆగిపోవాలి కూడా.

బీటెక్_కార్తీక్:
అర్థమైంది అక్కా. నా ప్రాజెక్టులో తేదీలన్నీ ఒకే చోటి నుంచి వచ్చాయి, అందుకే ఇబ్బంది కాలేదు. ఒక డౌటు. గేటుకు `%I` ఎందుకు పెట్టారు? `%H` పెట్టినా `%p` ఉంది కదా, AM, PM అదే చూసుకోదా?

సుజాత_తిరుపతి:
చూసుకోదు. `%H` పెడితే `%p` ని చదువుతుంది గానీ లెక్కలోకి తీసుకోదు. `12:20 AM` కాస్తా మధ్యాహ్నం 12:20 అవుతుంది. శివగారి నమూనాలో సరిగ్గా అలాంటి లోడే ఉంది. జులై 6 అర్ధరాత్రి దాటాక ఇరవై నిమిషాలకు వచ్చిన బండి అది. `%I` తో చదివితే `2024-07-06 00:20` వస్తుంది. లేకపోతే పన్నెండు గంటలు ఆలస్యంగా వచ్చినట్టు లెక్క పడి, ఆ ఉదయం వచ్చిన బండ్లన్నిటి తర్వాత పడుతుంది. సీజన్‌లో బండ్లు రాత్రంతా వస్తూనే ఉంటాయి కాబట్టి ఇలాంటివి చాలానే ఉంటాయి.

లాడ్జి_మేనేజర్_తిరుపతి:
ఇదే గొడవ మాకూ ఉందండి. తిరుపతి రైల్వే స్టేషన్ దగ్గర లాడ్జి. ఆన్‌లైన్ బుకింగ్‌ల ఫైలులో తేదీలు మేడం చెప్పిన రూపంలోనే వస్తాయి, `2024-07-05T20:10:00Z` అని. మా కౌంటరు రిజిస్టరునూ అదే రూపంలోకి మార్చి రెండూ కలిపి సార్ట్ చేశాం. అయినా వరుస తేడాగానే ఉంది. ఆన్‌లైన్‌లో బుక్ చేసినాయన కౌంటరులో వచ్చినాయన కంటే ముందు వచ్చినట్టు చూపిస్తోంది. మా బాయ్‌ని అడిగితే కాదంటాడు. రూపం ఒకటే అయినా ఎందుకిలా?

సుజాత_తిరుపతి:
చివర ఉన్న `Z` చూడండి. అది మన టైము కాదు, యూటీసీ. మనది దానికంటే అయిదున్నర గంటలు ముందు. 5వ తేదీ 20:10 కి 5:30 కలిపితే మన లెక్కలో 6వ తేదీ తెల్లవారుజాము 1:40. తేదీయే మారిపోయింది. కౌంటరు రిజిస్టరు మన టైములో ఉంది. రూపం ఒకటైనా గడియారాలు రెండు కాబట్టి వరుస కుదరదు. ఆన్‌లైన్ ఫైలు మొత్తానికీ 5:30 గంటలు కలిపి, ఆ తర్వాత సార్ట్ చేయండి. ఎక్సెల్‌లో అయితే అసలు తేదీకి `+TIME(5,30,0)`. `T`, `Z` ఉన్న ముక్కను ఎక్సెల్ అక్షరాలుగానే ఉంచేస్తుంది కాబట్టి ముందు ఇలా విడగొట్టాలి:

```
=DATEVALUE(LEFT(A2,10))+TIMEVALUE(MID(A2,12,8))+TIME(5,30,0)
```

శివగారికి ఈ బాధ లేదు, ఆయన మూడు ఫైళ్ళూ ఇక్కడి టైములోనివే.

లాడ్జి_మేనేజర్_తిరుపతి:
ఇప్పుడు సరిపోయింది మేడం. రాత్రి ఏడింటికి బుక్ చేశారనుకున్నవి కొన్ని అర్ధరాత్రి దాటాకవి. చాలా థాంక్స్.

పంచాంగం_ప్రియుడు:
తేదీల సంగతి వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. మా తాతగారి కాగితాల్లో "ఆషాఢ శుద్ధ పంచమి" అని తిథులు ఉన్నాయి, కొన్ని చోట్ల సంవత్సరం పేరు కూడా. వీటిని వరుసలో పెట్టే ఫార్ములా ఉందా?

సుజాత_తిరుపతి:
తిథికి ఒక్క ఫార్ములా పెట్టి తేదీ రాబట్టలేమండి. తిథి సూర్యచంద్రుల స్థానాల మీద ఆధారపడింది, ఒక తిథి రెండు సూర్యోదయాలకు ఉండవచ్చు, ఒకటి అసలు సూర్యోదయానికి తగలకపోవచ్చు. అధికమాసం వస్తే ఒకే పేరుతో రెండు నెలలు. ఆ సంవత్సరపు పంచాంగం చూసి ఒక్కొక్కటీ ఇంగ్లిష్ తేదీకి మార్చి, పక్కన రాసుకోవాలి. సంవత్సరం పేరు అరవై ఏళ్ళకోసారి తిరిగి వస్తుంది కాబట్టి ఏ చుట్టో కూడా తేల్చుకోవాలి. దీనికి వేరే థ్రెడ్ తెరవండి, తెలిసినవాళ్ళు చెబుతారు.

పలమనేరు_శివ:
మేడం, వేబ్రిడ్జి, గేటు రెండూ మీరు చెప్పినట్టే మార్చాను. జనవరి, డిసెంబరు పోయాయి. అన్నీ జూన్, జులైలోనే ఉన్నాయి.

ఇక ర్యాంపు పుస్తకాలే. ఇక్కడ ఫైలు ఒకటే అయినా రాసింది ఇద్దరు. పెద్దాయన రోజు ముందు రాస్తాడు. ఆయన లేనప్పుడు రాసే కుర్రాడు ఫోన్లో ఎలా కనబడితే అలా రాశాడు. పుస్తకంలో ఒకచోట `6/13/24` ఉంది, అది చూశాకే అనుమానం వచ్చింది. ఏ చీటీ ఎవరు రాశారో చేతిరాత చూసి చెబుదామంటే, మా దగ్గర ఉన్నది టైపు చేసిన కాపీ. వీటికి ఏ ఫార్మాట్ ఇవ్వాలి?

సుజాత_తిరుపతి:
ఏ ఫార్మాటూ ఇవ్వకండి. ఇక్కడ మీ సీజనే మీకు సాయం చేస్తుంది. కాయ వచ్చింది జూన్, జులైలోనే అన్నారు. ప్రతి చీటీనీ రెండు రకాలుగానూ చదవండి. `5/7/24` ని ఒకలా చదివితే జులై 5, ఇంకోలా మే 7. మే నెలలో ఫ్యాక్టరీ తెరవలేదు, కాబట్టి జులై 5. `6/13/24` కి ఒక్క రీడింగే ఉంది, జూన్ 13. ఇలా దాదాపు అన్నీ తేలిపోతాయి. రెండు రకాలుగా చదివినా సీజన్‌లోనే పడేవి రెండే రాతలు: `6/7`, `7/6`. ఒకటి జూన్ 7 కావచ్చు, జులై 6 కావచ్చు, రెండోదీ అంతే. `6/6`, `7/7` ఎటు చదివినా ఒకటే.

```python
from datetime import date

def readings(a, b, y):
    found = set()
    for d, m in ((a, b), (b, a)):
        try:
            found.add(date(y, m, d))
        except ValueError:
            pass
    return [x for x in found
            if date(y, 6, 1) <= x <= date(y, 7, 31)]
```

సంవత్సరం `24` అని ఉంది కాబట్టి 2024 అని మీరే పూర్తిగా ఇవ్వండి. ఒక్క తేదీ వస్తే అదే తీసుకోండి. రెండు వస్తే విడిగా తీసి మనిషి చూడాలి. ఒక్కటీ రాకపోతే టైపు చేసినప్పుడు తప్పు దొర్లింది, పుస్తకం తెప్పించండి. ఆగస్టులో కూడా ఫ్యాక్టరీ నడిచి ఉంటే మాత్రం ఇంత సులువుగా తేలేది కాదు, `6/8`, `8/6`, `7/8`, `8/7` కూడా అనుమానంలోకి వచ్చేవి.

గుడిపాల_రైతు:
నేను కాయ తోలినవాణ్ణి, కంప్యూటరు సంగతి తెలీదు. ఒకటి అడుగుతా. చీటీ మీద టోకెన్ నంబరు ఉంటుంది కదయ్యా. తేదీ ఎందుకు, నంబరు వరుసలో పెడితే పోలా?

పలమనేరు_శివ:
పెడదామనే అనుకున్నాం పెద్దాయనా. ఒక్కో ర్యాంపుకు ఒక్కో పుస్తకం ఇచ్చాం, నంబర్లు ఎక్కడివక్కడ మొదలవుతాయి. ఒక ర్యాంపులో 1185, ఇంకో ర్యాంపులో 640, రెండూ ఒకేరోజువి కావచ్చు. వాటి మధ్య ఎవరు ముందో నంబరు చెప్పదు.

సుజాత_తిరుపతి:
పెద్దాయన మంచి మాట చెప్పారు. అన్ని ర్యాంపులకూ కలిపి నంబరు పనికిరాదు, నిజమే. కానీ ఒకే పుస్తకం లోపల నంబరు వరుస కాలం వరుసే. ఆ `6/7`, `7/6` చీటీలకు ముందూ వెనకా ఏమున్నాయో చూడండి శివగారూ.

పలమనేరు_శివ:
రెండో ర్యాంపు పుస్తకంలో ఒకచోట ఇలా ఉంది:

```
1184   5/7/24
1185   7/6/24
1186   6/7/24
1187   7/7/24
```

సుజాత_తిరుపతి:
చూడండి, ఎంత బాగా తేలిపోయిందో. 1184 ఎటు చూసినా జులై 5 ఒక్కటే సీజన్‌లో పడుతుంది. 1187 జులై 7. వాటి మధ్యలో ఉన్నది జూన్ 7 కాలేదు. కాబట్టి 1185, 1186 రెండూ జులై 6. 1185 మీ కుర్రాడు రాసింది, 1186 పెద్దాయన రాసింది. రాత తిరగబడి ఉన్నా ఒకే రోజు బండ్లు. మొత్తం కాలమ్‌ను రోజు ముందు అని చదివేసి ఉంటే, 1185 రైతు జూన్ 7కి పోయి, నెల రోజుల ముందున్న వాళ్ళ వరుసలో నిలిచేవాడు.

బీటెక్_కార్తీక్:
అక్కా, పుస్తకంలో నంబర్లు తప్పి వాడి ఉంటే? మధ్యలో కొన్ని కాగితాలు వదిలేసి తర్వాత రాస్తే?

సుజాత_తిరుపతి:
మంచి ప్రశ్న. తేలిన తేదీలను మాత్రమే నంబరు ప్రకారం పెట్టి, ఎక్కడైనా వెనక్కి వెళ్తోందా చూడాలి. ఎక్కడా వెనక్కి పోకపోతే ఆ పుస్తకాన్ని నమ్మవచ్చు. వెనక్కి పోతే ఆ పుస్తకంలో అనుమానం ఉన్న చీటీలను నంబరు మీద తేల్చకూడదు.

పలమనేరు_శివ:
మొదటి, రెండో ర్యాంపు పుస్తకాలు ఎక్కడా వెనక్కి పోలేదు. మూడో ర్యాంపులో పోయింది. అక్కడ విడి చీటీలు కూడా ఉన్నాయి, నంబరే లేదు. వాటిలో కొన్ని `6/7`.

ఇంకో సమస్య. ర్యాంపు చీటీల్లో టైము లేదు. మార్చాక ఎక్సెల్‌లో 00:00 చూపిస్తోంది.

సుజాత_తిరుపతి:
ఆ 00:00 ను ఉంచకండి, అది చీటీలో లేని సమాచారం. ఉంచితే ర్యాంపు లోడ్లన్నీ ఆ రోజు అర్ధరాత్రి వచ్చినట్టు లెక్క పడి, రాత్రి 12:20కి గేటు దాటిన బండి కంటే ముందుకు పోతాయి. టైము తీసేసి `2024-07-06` అని అక్షరాలుగా వదిలినా అదే జరుగుతుంది, పొట్టి రాత ముందు వస్తుంది కాబట్టి. మీ నమూనాలోని చీటీ జులై 6ది అనుకుంటే, నాలుగు వరసలూ అక్షరాలుగా సార్ట్ చేస్తే ఇలా వస్తాయి:

```
2024-06-13 10:05   kata
2024-07-05 23:50   kata
2024-07-06         slip
2024-07-06 00:20   gate
```

మొదటి రెండూ సరైనవే. మూడు, నాలుగు మధ్య వరుస మాత్రం మనం కల్పించింది. తేదీని ఒక కాలమ్‌లో, టైమును ఇంకో కాలమ్‌లో విడిగా పెట్టండి, టైము తెలియని చోట ఖాళీ వదలండి. టైము లేని లోడ్లను ఆ రోజులో ఎక్కడ ఉంచాలన్నది మీ ఆఫీసు నిర్ణయించాల్సిన విషయం, కంప్యూటరు తేల్చేది కాదు.

రమణ_ఆడిట్:
నా అభిప్రాయం చెబుతాను. చెల్లింపు రోజు వారీగా జరిగితే టైము గొడవే లేదు, ఒకే తేదీ వాళ్ళందరికీ ఒకేసారి వెయ్యండి. ఆడిట్‌లో కూడా అడిగేది తేదీ వరకే. ఆ నిర్ణయం కాగితం మీద రాసి సంతకం పెట్టించుకో శివా.

గుడిపాల_రైతు:
ఆ లెక్క కుదరదు సామీ. నేను 5వ తేదీ రాత్రి పదకొండున్నరకు క్యూలో నిలబడ్డా. లోపలికి వదిలింది పన్నెండు దాటాక. తూకం అయ్యేసరికి 6వ తేదీ. మీ క్యూ పొడుగైతే నా తేదీ మారాలా?

పలమనేరు_శివ:
ఇది మా మేనేజరుగారిని అడగాలి. గేటు టైము తీసుకుంటే ఒక వరుస, తూకం టైము తీసుకుంటే ఇంకో వరుస. ఇప్పటిదాకా తూకమే తీసుకుంటున్నాం. కానీ పెద్దాయన చెప్పినట్టు క్యూలో చేరిన టైము మా దగ్గర ఎక్కడా రాసి లేదు, గేటు షీటులో ఉన్నది లోపలికి వదిలిన టైము.

సుజాత_తిరుపతి:
ఏది తీసుకున్నా అందరికీ ఒకటే తీసుకోండి. కొందరికి గేటు టైము, కొందరికి తూకం టైము కలిస్తే రూపం ఎంత చక్కగా ఉన్నా వరుసకు అర్థం ఉండదు. రెండూ ఉన్న లోడ్లకు రెండు కాలమ్‌లూ ఉంచండి, ఎటు నిర్ణయమైనా మళ్ళీ మొదటి నుంచి చెయ్యక్కర్లేదు.

మూడో ర్యాంపు విడి చీటీల మీద వారం ఏమైనా రాసి ఉందా? 2024లో జూన్ 7 శుక్రవారం, జులై 6 శనివారం. ఆ రెండు తేదీల మధ్య 29 రోజులు కాబట్టి ఏ ఏడాదైనా వారం ఒకటి కాదు.

పలమనేరు_శివ:
రెండు చీటీల వెనక "శని" అని ఉంది మేడం, ట్రాక్టరు బాడుగ లెక్క రాసుకున్నట్టున్నారు. అవి జులై 6 కింద వేశాను. మిగతా వాటి మీద ఏమీ లేదు. వాటిని రెండు తేదీలూ పక్కపక్కన రాసి, ఎరుపు రంగులో విడిగా పెట్టాను. రేపు మూడో ర్యాంపుకు వెళ్ళి అసలు పుస్తకం, ట్రాక్టరు వాళ్ళ డైరీ చూస్తాను.

గుడిపాల_రైతు:
ఆ ర్యాంపులో మా బావమరిది ట్రాక్టరు తోలాడు. ఏ రోజు ఎన్ని ట్రిప్పులో నోటు పుస్తకంలో రాసుకుంటాడు. నేను ఫోన్ చేసి చెబుతా, ఎత్తుకొని రమ్మంటా.

పలమనేరు_శివ:
చాలా సంతోషం పెద్దాయనా. పొద్దున తొమ్మిదింటికల్లా అక్కడ ఉంటాను. ఆయన ఏ పద్ధతిలో తేదీ రాస్తాడో కూడా కొంచెం కనుక్కోండి.